తొమ్మిది నెలల డెమో కారుకు 12 శాతం తగ్గింపు సరిపోతుందా?

ప్రశ్న: షోరూంలో తొమ్మిది నెలలుగా టెస్ట్ డ్రైవ్‌లకు వాడుతున్న, 7,000 కిలోమీటర్లు తిరిగిన కారును కొత్తదాని ధర కంటే 12 శాతం తక్కువకు ఇస్తామంటున్నారు. ఎక్కువ భాగం అప్పు మీదే కొనాలి. తీసుకోవచ్చునా?

జవాబు 1: నిశ్చింతగా తీసుకోండి. ఏడు వేల కిలోమీటర్లకు ఇంజను అరగదు. వారంటీ కూడా మీ పేరుకు మారిన రోజు నుంచి కొత్తగా మొదలవుతుంది.

జవాబు 2: ఇంజను విషయంలో పై మిత్రుల మాట చాలావరకు నిజమే గాని, వారంటీ సాధారణంగా కారు మొదట రిజిస్టరైన రోజు నుంచే లెక్కకు వస్తుంది. అది మూడేళ్లదైతే మీకు మిగిలేది 27 నెలలే. కంపెనీ వేరే హామీ ఇస్తే కాగితం మీద తీసుకోండి.

ధరను కూడా మరోసారి చూడండి. కొత్త కారు ధర 100 అనుకుంటే డెమో 88కి వస్తోంది. అయితే బేరమాడితే కొత్తది 95కే దొరుకుతుందనుకోండి, అప్పుడు అసలు తేడా 7 మాత్రమే. వాడిన కారు అప్పుకు వడ్డీ రెండు శాతం ఎక్కువ పడితే, 70 అప్పును అయిదేళ్లలో తీర్చేసరికి అదనపు వడ్డీయే సుమారు 4 అవుతుంది. చేతికి మిగిలే 3 కోసం తొమ్మిది నెలల వారంటీ వదులుకోవడం నాకు సమంజసంగా తోచదు. అమ్మేటప్పుడు మీరు రెండో యజమాని అవుతారన్నది అదనం.

జవాబు 3: నేను ఆరేళ్ల కారు కొని, ఏడాదిలోనే ఏసీ కంప్రెసర్ మార్పించాను. వాడిన కారు జోలికే వెళ్లవద్దు.

జవాబు 2: మీ ఇబ్బంది అర్థమవుతోంది, కాని ఆరేళ్ల కారుకూ దీనికీ పోలిక కుదరదు.

జవాబు 4: వర్క్‌షాపులో పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను. గేర్లు చేత్తో మార్చే కారైతే ముందు చూడవలసింది క్లచ్. అలవాటు లేని ఎందరో నడిపి ఉంటారు, క్లచ్ అరుగుదలకు వారంటీ సాధారణంగా వర్తించదు. ఎత్తు ఎక్కేటప్పుడు పై గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజను వేగం పెరిగి కారు వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే. చూడడానికి వెళ్లే రోజు ముందుగా స్టార్ట్ చేయవద్దని చెప్పండి, చల్లటి ఇంజనులోనే వింత శబ్దాలు బయటపడతాయి. అయితే ఒకే యజమాని వాడిన ఏడాది కారు కంటే డెమో తప్పకుండా అధ్వాన్నమని నేననను. డెమోకు సర్వీసు సమయానికి జరిగే అవకాశమే ఎక్కువ.

ప్రశ్న అడిగినవారు: ఈ రోజు రిజిస్ట్రేషన్ పత్రం చూపించమన్నాను. తొమ్మిది కాదు, పదమూడు నెలలు పూర్తయ్యాయి. ఇక ఎంత తగ్గించమని అడగాలి?

జవాబు 2: వారంటీ మూడింట ఒక వంతు దాటింది కనుక నేనైతే 80 దగ్గర బేరం మొదలుపెడతాను.

జవాబు 4: క్లచ్ చూడకుండా నేను ఏ అంకె చెప్పలేను.