అందరూ మెచ్చిన నవల నన్నెందుకు కదిలించలేదు?

వర్జీనియా వుల్ఫ్ 1927లో రాసిన ‘టు ది లైట్‌హౌస్’ చదివాను. చదివినవాళ్లు గుండె బరువెక్కిందంటారు. నాకేమో ఏమీ అనిపించలేదు. కారణం తేల్చుకోవడానికి మీ సాయం కావాలి.

మొదటి భాగమంతా ఆ ఇంటి ఇల్లాలు మిసెస్ రామ్సే చుట్టూ తిరుగుతుంది. రెండో భాగంలో ఆమె చావు బ్రాకెట్లలో ఒక్క వాక్యం, అంతే. భర్త చేతులు చాస్తాడు, అవి ఖాళీగా ఉండిపోతాయి. తర్వాత మళ్లీ ఖాళీ ఇల్లు, గాలి, దుమ్ము. ఆ ముక్తసరితనం కావాలని చేసిందే, అది నాకు నచ్చింది కూడా. కానీ మూడో భాగంలో ఆ ఇంటికి అతిథిగా వచ్చే చిత్రకారిణి లిలీ, బొమ్మ వేస్తూ ఆమెను పిలిచి ఏడుస్తుంటే కూడా నాలో చలనం లేదు.

నా అనుమానం మొదటి భాగం మీదే. అక్కడ ఆలోచన ఒకరి నుంచి ఇంకొకరికి చెప్పాపెట్టకుండా మారిపోతుంది. ఎవరి మనసులో ఉన్నామో వెతుక్కోవడంలోనే పడి, బహుశా మిసెస్ రామ్సేకు దగ్గర కాలేదేమో. అందుకే విందు ఘట్టం ఒక్కటే, ఏ పేరా ఎవరిదో అంచున రాసుకుంటూ మళ్లీ చదువుదామనుకుంటున్నాను. అప్పుడూ ఆమె పరాయిగానే అనిపిస్తే, తేడా నా చదువులో కాదు, అభిరుచిలో ఉందనుకోవచ్చా?

నచ్చినవాళ్లూ, ఆమె మీకు ఏ సన్నివేశంలో దగ్గరైంది? నచ్చనివాళ్లూ, ఎక్కడ తెగిపోయింది?