బైపాస్ ట్రయల్: ఆపరేషనే జరగని 26 మందిని ఆపరేషన్ గ్రూపులో ఎందుకు లెక్కించారు?

లావణ్య:
నమస్కారం అండి. ఫార్మ్-డి చదువుతున్నాను. జర్నల్ క్లబ్‌లో నాకు 1979 నాటి యూరప్ బైపాస్ ట్రయల్ ఇచ్చారు. లాటరీ పద్ధతిలో 395 మందికి ఆపరేషన్, 373 మందికి మందులు కేటాయించారు. అయితే ఆ 395లో 26 మందికి ఆపరేషనే జరగలేదు. వాళ్లలో ఆరుగురు రెండేళ్లలోపే చనిపోయారు. ఇంటెన్షన్ టు ట్రీట్, అంటే లాటరీలో వచ్చిన గ్రూపులోనే అందరినీ ఉంచే ఐటీటీ లెక్కలో ఆ ఆరు మరణాలనూ ఆపరేషన్ ఖాతాలోనే వేశారు. ఆపరేషన్ జరగని మనిషి చనిపోతే ఆపరేషన్ మీద ఎలా వేస్తారు? సార్ ఇదే అడుగుతారని టెన్షన్‌గా ఉంది.

కిరణ్:
మీ సందేహం సరైనదే. ఆపరేషన్ జరగలేదంటే వాళ్లు మందుల మీద ఉన్నట్టే కదా. వాళ్లని అటు మార్చాలి. మందుల గ్రూపులో ఎవరైనా తర్వాత ఆపరేషన్ చేయించుకుంటే ఇటు తేవాలి. అందిన వైద్యాన్ని బట్టే లెక్క ఉండాలి.

శ్రీనివాస్ (బయోస్టాటిస్టిక్స్):
కిరణ్ గారూ, అలా మార్చి చూద్దాం. మందుల వైపు 50 మంది తర్వాత ఆపరేషన్‌కి వెళ్లారు, వాళ్లలో ఇద్దరు పోయారు. మందుల మీదే ఉన్న 323 మందిలో 27 మంది పోయారు. ఆపరేషన్ జరిగిన 369 మందిలో 15 మంది.

లాటరీలో వచ్చింది వచ్చినట్టే ఉంచితే ఆపరేషన్ వైపు 395కి 21, అంటే 5.3 శాతం. మందుల వైపు 373కి 29, అంటే 7.8 శాతం. పర్ ప్రోటోకాల్‌లో, అంటే కేటాయించిన వైద్యమే పొందినవాళ్లని మాత్రమే తీసుకుంటే, 4.1, 8.4. మీరు చెప్పినట్టు అటూ ఇటూ మారిస్తే 4.1, 9.5. రోగులు వాళ్లే, మరణాలు అవే. తేడా మాత్రం 2.5 శాతం నుంచి 5.4 శాతానికి పెరిగింది. మొదటి లెక్కలో ఆ తేడా కేవలం యాదృచ్ఛికం కావచ్చు, పి విలువ 0.17. మీ లెక్కలో అది 0.003, అంటే యాదృచ్ఛికం కాదనిపిస్తుంది.

లావణ్య గారూ, ఇప్పుడు ఆ 26 మందిని చూడండి. ఆరుగురు పోయారంటే 23 శాతం. మందుల మీదే ఉన్నవాళ్లలో 8.4 శాతమే. అంటే వీళ్లు మామూలు రోగులు కారు, బాగా ప్రమాదంలో ఉన్నవాళ్లు. ఆపరేషన్ తేదీ రాకముందే పోయినా, తట్టుకోలేరని డాక్టర్ ఆపేసినా ఈ 26లోనే పడతారు. అలాంటివాళ్లు మందుల గ్రూపులోనూ ఉండే ఉంటారు. కానీ అక్కడ వాళ్లని వేరుచేసి చూపే గుర్తు ఏదీ లేదు, 373లో కలిసిపోయి ఉన్నారు. ఇటు వైపు మాత్రం బలహీనుల్ని ఏరి తీసేస్తే పోలిక ఎలా నిలుస్తుంది? ఆ 50 మంది సంగతీ అంతే. తర్వాత ఆపరేషన్ చేయించుకోవాలంటే ముందు ఆ రోజుదాకా బతికుండాలి.

రమణమూర్తి:
మా నాన్నగారు ఒక బీపీ మందు ట్రయల్‌లో ఉన్నారు. కాళ్ల వాపులు వచ్చి మాత్రలు మానేశారు. ఇక లెక్కలో ఉండరు కాబట్టి వెళ్లనక్కర్లేదనుకున్నాం. ఇది చదివాక అనుమానం వచ్చింది.

శ్రీనివాస్:
రమణమూర్తి గారూ, మాత్ర మానడం వేరు, ట్రయల్ నుంచి తప్పుకోవడం వేరు. ముందు వాపుల సంగతి ట్రయల్ డాక్టర్‌కి చెప్పండి, వాళ్లు అది నమోదు చేయాలి. మాత్ర వేసుకోకపోయినా చెకప్‌లకి రావచ్చా అని అడగండి. ఇష్టం లేకపోతే పూర్తిగా తప్పుకునే హక్కు నాన్నగారికి ఉంది. కానీ వాపులు వచ్చినవాళ్లంతా కనబడకుండా పోతే, మందు పడినవాళ్లే మిగిలి అది ఉన్నదానికంటే మంచిగా కనిపిస్తుంది.

కిరణ్:
ఒప్పుకుంటున్నాను సార్. అయితే ఎప్పుడూ ఐటీటీయే సేఫ్ అన్నమాట.

శ్రీనివాస్:
ఎప్పుడూ కాదు. కొత్త మందు పాతదానికి తీసిపోదని చూపే ట్రయల్‌లో జాగ్రత్త. రెండు వైపులా సగంమంది మాత్రలు మానేస్తే ఐటీటీలో రెండూ ఒకేలా కనిపించవచ్చు. అక్కడ మాత్రలు మానడమే కొత్త మందుకి సాయం చేస్తుంది. అందుకే అక్కడ ఐటీటీ, పర్ ప్రోటోకాల్ రెండు లెక్కలూ అడుగుతారు. అవి చెరో మాట చెబితే నేను నమ్మను.

లావణ్య:
సార్, ఈ ట్రయల్‌లో ఎవరు పోయారో తెలుసు కాబట్టి సరిపోయింది. బరువు తగ్గించే మందు ట్రయల్‌లో మధ్యలో మాయమైనవాళ్ల చివరి బరువు తెలియదు కదా?

కిరణ్:
చివరిసారి తూచిన బరువునే ఆఖరిదాకా ఉంచుతారు. చాలా రిపోర్టుల్లో చూశాను.

శ్రీనివాస్:
చూసే ఉంటారు. నాకైతే అది నచ్చదు. మూడో వారంలో తగ్గిన బరువు ఆరు నెలలూ అలాగే ఉంటుందని ఎవరు చెప్పారు? మందు మానితే మళ్లీ పెరగదా? వాళ్లంతా మొదటి బరువుకే వెళ్లారనుకుని ఒకసారి లెక్క వేయండి. అప్పుడూ తేడా నిలిస్తే కొంత నమ్మవచ్చు.

కిరణ్:
కానీ సార్, అందరూ మొదటికే వెళ్లారనడం కూడా ఊహే కదా? నిజంగా తగ్గించిన మందుకి అది అన్యాయం కాదా?

శ్రీనివాస్:
ఊహే, ఒప్పుకుంటాను. లావణ్య గారూ, ఆ బరువు మందు ట్రయల్ రిపోర్టులో ఏ వైపు ఎంతమంది, ఏ కారణంతో మధ్యలో మానేశారో చూపే ఫ్లో చార్ట్ ఉంటే పెట్టండి. అది చూడకుండా ఏ ఊహ తగినదో నేను చెప్పలేను.