"శేషపరస్పరభక్తం": ఇక్కడ భక్తం అంటే ఏమిటి?

మాధవి: ఆర్యభటీయం గణితపాదంలో 32వ శ్లోకం చదువుతున్నాను. "అధికాగ్రభాగహారం ఛింద్యాదూనాగ్రభాగహారేణ, శేషపరస్పరభక్తం..." అని సాగుతుంది. శేషం తెలుసు, పరస్పరం తెలుసు. ఈ "భక్తం" దగ్గరే ఆగిపోయాను. భక్తికీ దీనికీ ఏమైనా చుట్టరికం ఉందా?

రమణ: భజ్ ధాతువేనండీ, పంచడం అని అర్థం. భాగం, భాజకం, విభక్తి అన్నీ దాన్నుంచి వచ్చినవే. శేషాలను ఒకదానితో ఒకటి భాగించమంటున్నాడు. అంటే మనం బళ్లో చేసిన గ.సా.భా. లెక్కే, యూక్లిడ్ పద్ధతి. చివరి శేషమే జవాబు.

శాస్త్రి: రమణ గారూ, పదం విషయంలో మీరు చెప్పింది సరే. కానీ ఆ శ్లోకం గ.సా.భా. కోసం రాసింది కాదు. ఒక సంఖ్యను ఫలానా రెండింటితో భాగిస్తే ఫలానా శేషాలు వస్తాయి, ఆ సంఖ్య ఏది అన్నది అక్కడి ప్రశ్న. పరస్పర భాగహారం దానికి మొదటి మెట్టు. ఇక "చివరి శేషం" అంటే మన పద్ధతిలో సున్నా కదా! 221, 143 తీసుకుని వేసి చూద్దాం.

221 = 1 × 143 + 78
143 = 1 × 78 + 65
78 = 1 × 65 + 13
65 = 5 × 13 + 0

ప్రతి వరుసలో భాజకం కింది వరుసలో భాజ్యమవుతుంది, శేషం భాజకమవుతుంది. సున్నాకు ముందు మిగిలిన 13 జవాబు. 221నీ 143నీ భాగించే ఏ సంఖ్యైనా వాటి తేడా అయిన 78ని కూడా భాగించి తీరాలి. అందుకే పెద్ద జతను వదిలేసి చిన్న జతతో పని నడుస్తుంది.

రమణ: యూక్లిడ్ సున్నా దాకా వెళ్లాడా? ఆయన కాలంలో సున్నా లేదు కదా.

శాస్త్రి: మంచి మాట అడిగారు. వెళ్లలేదు. ఏడో పుస్తకం రెండో ప్రతిపాదనలో ఆయన పెద్దదాంట్లోంచి చిన్నదాన్ని తీసేస్తూ పోతాడు. మిగిలినది తన ముందున్న సంఖ్యను సరిగ్గా కొలిస్తే అక్కడే ఆపుతాడు. 13 వచ్చింది, అది 65ని ఐదుసార్లలో కొలిచేస్తుంది, అంతే. ఆ లెక్కన మీరన్న "చివరి శేషం" యూక్లిడ్ వైపు నుంచి ఒప్పే.

ఇమ్రాన్: నాకు సంస్కృతం రాదు గానీ ఈ లెక్క నాకు కావలసిందే. మా హాలు 144 అంగుళాల పొడవు, 90 అంగుళాల వెడల్పు. ముక్క కోయకుండా పట్టే అతి పెద్ద చదరపు టైల్ ఏదో చెప్పండి.

మాధవి: ఇమ్రాన్ భాయ్, నేనడిగింది పదం గురించి! అయినా వేశాను. 144లో 90 పోతే 54, 90లో 54 పోతే 36, 54లో 36 పోతే 18. ఆ 18 రెండుసార్లు వేస్తే 36 సరిపోతుంది. 18 అంగుళాల టైల్, పొడవులో 8, వెడల్పులో 5. మధ్యలో సందులు వదిలితే మాత్రం కొలత మారుతుంది.

ఇమ్రాన్: నేను అడిగిన షాపులో ఆ సైజు లేదు. 24 అంగుళాలదే చూపిస్తున్నారు.

శాస్త్రి: 24 పొడవుకు సరిపోతుంది, వెడల్పులో 18 అంగుళాలు మిగులుతుంది. అక్కడ కోత తప్పదు.

సరే, శ్లోకానికి వస్తే, అందులోని పద్ధతినే కుట్టకం అంటారు. భాగఫలాలను పారేయకుండా దాచుకోవడమే అందులో అసలు కిటుకు. పేపర్లు దిద్దేటప్పుడు తరచూ కనిపించే తప్పు ఒకటుంది. 143లోంచి 78 తీసేసి 65కి బదులు 55 వేస్తారు. తర్వాత 23, 9, 5, 4, 1 అని దిగుతుంది, "గ.సా.భా. 1" అని రాసేస్తారు. 1 దేన్నయినా భాగిస్తుంది కాబట్టి భాగించి సరిచూసినా తప్పు దొరకదు. వరుసలను కింది నుంచి పైకి విప్పితేనే బయటపడుతుంది.

13 = 78 − 65
= 78 − (143 − 78) = 2 × 78 − 143
= 2 × (221 − 143) − 143 = 2 × 221 − 3 × 143

442లో 429 పోతే 13. కుదిరింది. 13 రెండింటినీ భాగిస్తుంది. పైగా రెండింటినీ భాగించేది ఏదైనా ఈ 13నీ భాగించాలి కాబట్టి అంతకన్నా పెద్దది ఉండే వీల్లేదు. తప్పు దారిలో వచ్చిన 1ని ఇలా విప్పితే 221, 143ల దగ్గర లెక్క కుదరదు.

మాధవి: ఇప్పుడు "పరస్పరం" కూడా బాగా అర్థమైంది. కానీ శాస్త్రి గారూ, ఎన్నిసార్లు భాగించి ఆపాలో ఈ పాదంలో లేదే? వెంటనే "మతిగుణం" అంటాడు. మతి అంటే ఇక్కడ మన బుద్ధికి తోచిన సంఖ్యా?

శాస్త్రి: మన బుద్ధితో ఎంచుకున్న గుణకం అనే నేనూ చదువుకున్నాను. ఆపే చోటు వ్యాఖ్యాతలు చెప్పాల్సి వచ్చింది.

రమణ: నాకైతే అది ఒప్పుకోబుద్ధి కావడం లేదు. లెక్కలో తోచిన సంఖ్య ఎలా వేస్తాం? మొదటి భాస్కరుడు ఆర్యభటీయానికి 629లో రాసిన భాష్యం తీసి ఆ మాట దగ్గర ఏమన్నాడో చూసి రాస్తాను.