దివాలా విముక్తి వచ్చినా ఒక అప్పు మాత్రం క్రెడిట్ రిపోర్ట్‌లో బకాయిగానే ఉంది

కోర్టు నుంచి దివాలా విముక్తి ఉత్తర్వు వచ్చి 14 నెలలైంది. నావి మూడు అప్పులు, ఏదీ తాకట్టు మీద తీసుకున్నది కాదు, మూడూ కేసు జాబితాలో ఉన్నవే. రెండింటికి రిపోర్ట్‌లో బకాయి సున్నా అయింది. మూడోది, ఒక క్రెడిట్ కార్డు అప్పు, ప్రతి నెలా కొత్త తేదీతో ‘చెల్లింపు ఆలస్యం’ అని పడుతోంది. దివాలా నమోదు కొన్నేళ్లు ఉంటుందని తెలుసు, అది ఒప్పుకున్నదే. ఇది మాత్రం ఈ నెలే కొత్తగా ఎగ్గొట్టినట్టు కనిపిస్తోంది, అదే టెన్షన్.

ఉత్తర్వు కాపీ, జాబితాలో ఆ అప్పున్న పేజీ జతచేసి క్రెడిట్ బ్యూరోకి రెండుసార్లు రాశాను. ‘వివరాలు సరైనవేనని అప్పిచ్చిన సంస్థ చెప్పింది’ అని రెండుసార్లూ ఒకటే జవాబు. ఆ సంస్థను అడిగితే, కేసు వేశాక అప్పును వసూలు కంపెనీకి అమ్మేశామంటున్నారు.

ఇలా అమ్మేసిన అప్పుకు బ్యూరోకి సవరణ పంపాల్సింది ఎవరు, పాత సంస్థా, కొన్న కంపెనీయా?