కార్డు చెప్పిందా, అతనికి ముందే తెలుసా: ఒక కథ ముగింపుపై చర్చ

ప్రశ్న: కథ రాసిన వ్యక్తి, మారతహళ్ళి
నా కథలో బెంగళూరులో ఉద్యోగం చేసే అబ్బాయికి గుంటూరు నుంచి ఒక సంబంధం వచ్చింది. ఆదివారంలోగా మాట చెప్పాలి. శనివారం రాత్రి అతను పెద్దమ్మ కూతురి ఎదుట కూర్చుని, జోస్యానికి వాడే టారో కార్డుల్లో ఒకటి తీస్తాడు. ‘టూ ఆఫ్ కప్స్’ వస్తుంది. అక్క సంబరపడుతుంది, అతనికి మాత్రం ప్రాణం ఉసూరుమంటుంది. ‘ఇది వద్దని నాకు ముందే తెలుసు’ అన్న వాక్యంతో కథ ముగుస్తుంది. అతనికి నిజంగా ముందే తెలుసా, కార్డు చూశాక అలా అనిపించిందా? ఆ వాక్యం ఉంచాలా?

వైట్‌ఫీల్డ్ పాఠకుడు
అనిపించిందంతే. 1949లో బెర్ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన ప్రయోగాన్ని ప్రచురించారు. విద్యార్థులందరికీ ఒకే వర్ణన ఇచ్చి, ఎవరిది వారికే ప్రత్యేకంగా రాసినట్లు నమ్మిస్తే, అది తమకు చక్కగా సరిపోయిందని వారు 5కు సగటున 4కు పైగా మార్కులు వేశారు. కార్డులో ఎవరికి కావలసింది వారికి కనిపిస్తుంది.

టారో చదివే ఆవిడ, ఇందిరానగర్
ఆ ప్రయోగం నిజమే కానీ, ఎవరైనా చెప్పిన మాటను మనిషి ఎందుకు ఒప్పుకుంటాడో అది వివరిస్తుంది. ఈ కథలో అతను ఒప్పుకోలేదు కదా. 1909లో వెలువడిన, పమేలా కోల్మన్ స్మిత్ బొమ్మలు గీసిన కార్డుల్లో టూ ఆఫ్ కప్స్ చూడండి: ఒక యువకుడు, ఒక యువతి చెరొక పాత్ర పట్టుకుని ఎదురెదురుగా నిలబడి ఉంటారు, అతను ఆమె వైపు చెయ్యి చాస్తూ ఉంటాడు. పెళ్ళి గురించి అడిగినవారికి ఇంతకంటే అనుకూలమైన కార్డు చాలా అరుదు. అందుకే మీ ఎంపిక నాకు ఎంతో నచ్చింది. చెడ్డ కార్డు వచ్చి ఉంటే అతను దాని చాటున దాక్కునేవాడు.

అయితే మీరు తొందరపడ్డారు. నేను కార్డు తిప్పాక వెంటనే అర్థం చెప్పను, ఎదుటివారి ముఖం చూస్తాను. బొమ్మ కనబడడానికీ నా మాట వినబడడానికీ మధ్య ఉన్న ఆ రెండు మూడు క్షణాల్లోనే వారి సంగతి బయటపడుతుంది. మీ కథలో అక్క కార్డు పడీ పడగానే మాట్లాడేస్తోంది, కాబట్టి అతను దిగులుపడింది బొమ్మకా, అక్క మాటకా అన్నది తేలడం లేదు.

జయనగర్ పెద్దాయన
బాబూ, ఇష్టం లేకపోతే ఆదివారం దాకా ఆగకుండా పిల్ల తండ్రికి ఫోన్ చేసి మర్యాదగా చెప్పేయండి. నేను మద్రాసులో పనిచేసేటప్పుడు ఒక సంబంధం విషయమై మైలాపూరులో చిలక జోస్యం చెప్పించుకున్నాను. చిలక లక్ష్మీదేవి బొమ్మ తీసింది, జోస్యుడు శుభం అన్నాడు. నేను ఇంకొక రూపాయి ఇచ్చి మళ్ళీ తీయించమన్నాను. ఆ సంబంధం చేసుకోలేదు.

టారో చదివే ఆవిడ, ఇందిరానగర్
అయ్యా, ఇది రచయిత గారి సొంత సంబంధం కాదు, కథ. కానీ మీరిచ్చిన ఆ రెండవ రూపాయి ఈ కథకు కావలసిన సాక్ష్యం. ఒకే ప్రశ్నకు రెండవసారి కార్డు అడిగేవారికి జవాబు దొరకక కాదు, దొరికింది నచ్చకనే అడుగుతారని నా అనుభవం.

వైట్‌ఫీల్డ్ పాఠకుడు
ఫోరర్ ఇక్కడ సరిపోడని ఒప్పుకుంటున్నాను. అయినా సందేహం తీరలేదు. ఫలితం తెలిశాక అది ముందే ఊహించదగినదిగా తోస్తుందని 1975లో మనస్తత్వ శాస్త్రవేత్త బారూక్ ఫిష్‌హాఫ్ చూపించారు. ‘ముందే తెలుసు’ అని మనిషి తర్వాత చెప్పే సాక్ష్యం చెల్లదు, కార్డు తిప్పకముందు అతను చేసిన పని ఏదైనా ఉంటేనే పాఠకుడు నమ్మగలడు. పైగా పెళ్ళి ఖాయమయ్యేటప్పుడు ఇష్టపడినవాడికి కూడా గుండె ఝల్లుమంటుంది. అది భయం కావచ్చు.

కథ రాసిన వ్యక్తి, మారతహళ్ళి
మొదటి ప్రతిలో ఒక వివరం ఉండేది, నిడివి కోసం తీసేశాను. అమ్మాయితో రెండుసార్లు మాట్లాడినా, అతని ఫోనులో ఆమె నంబరు ‘గుంటూరు సంబంధం’ అనే ఉంటుంది, పేరు ఉండదు. దానిని మొదటి పేరాలోకి తిరిగి తెస్తాను. చివర అతను మాటేమీ అనుకోడు, కార్డుల కట్ట అందుకుని మళ్ళీ కలపడం మొదలుపెడతాడు, అక్క అతని చెయ్యి పట్టుకుని ఆపుతుంది. ఆఖరి వాక్యం కొట్టేస్తున్నాను.

వైట్‌ఫీల్డ్ పాఠకుడు
నంబరు వివరం నన్ను ఒప్పించింది. కట్ట మళ్ళీ కలపడం మాత్రం ఒప్పించలేదు, భయపడినవాడు కూడా అదే పని చేస్తాడు.

టారో చదివే ఆవిడ, ఇందిరానగర్
భయపడినవాడు కార్డును తేరిపార చూస్తాడండీ, అర్థం మళ్ళీ చెప్పమంటాడు. వద్దనుకున్నవాడు దానిని కట్టలో కలిపేస్తాడు. ఆ కార్డు అతని చేతిలో ఎంతసేపు ఉందో రాయండి.