అప్‌డేట్: డ్రిల్ చేయకుండానే కార్నర్ షెల్ఫ్ నిలబడింది

నా ప్రశ్న: "తిరుపతిలో మా ఫ్లాట్ బాత్రూమ్‌లో గ్లాస్ కార్నర్ షెల్ఫ్ పెట్టాలి. డ్రిల్ చేస్తే వాటర్‌ప్రూఫింగ్ దెబ్బతింటుందా?"

అప్‌డేట్: డ్రిల్ చేయలేదు. వాటర్‌ప్రూఫింగ్ పొర టైల్ వెనకే ఉంటుంది, స్క్రూ దాన్ని చీల్చుకుని వెళ్తుంది. స్టీల్ బ్రాకెట్లను సిలికాన్‌తో అతికించాను.

మొదటిసారి మూడో రోజుకే ఊడిపోయింది. చూస్తే సిలికాన్ మొత్తం బ్రాకెట్‌కే ఉంది, దాని మీద తెల్లటి పొడి. మా బోరు నీళ్ల ఉప్పు టైల్ మీద పేరుకుపోయింది, నేను సిలికాన్ దాని మీదే పూశాను!

రెండోసారి వెనిగర్‌తో ఉప్పు కరిగించి, కడిగి, ఒక రోజు ఆరనిచ్చి, స్పిరిట్‌తో తుడిచాను. నాణెంతో తట్టి, డొల్ల శబ్దం వచ్చిన టైల్‌ను వదిలేశాను. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ స్టీల్‌కు తుప్పు తెప్పించవచ్చు కాబట్టి న్యూట్రల్ రకం తీసుకున్నాను. టేపు వేసి రెండు రోజులు నీళ్లు తగలనివ్వలేదు.

నెలైంది, కదల్లేదు. షాంపూ, సబ్బు మాత్రమే పెడుతున్నాం, బరువైనవి పెట్టడం లేదు.