పాత కంపెనీల్లో ఉండిపోయిన పీఎఫ్ ఎలా వెతకాలి?

సుధ_కె: నాలుగు కంపెనీలు మారాను. మొదటిది 2009 నాటిది, అప్పటికి యూఏఎన్ లేదు. ఒక పాత స్లిప్ మీద AP/HYD/45678/123 అని ఉంది. పోర్టల్‌లో కొడితే తీసుకోవట్లేదు. ఏం చేయాలి?

రమణ77: వదిలేయండి. మూడేళ్లు దాటితే వడ్డీ ఉండదు, అసలే మిగులుతుంది.

పీఎఫ్_మూర్తి: రమణ గారూ, అది 2011 నుంచి 2016 దాకా ఉన్న నిబంధన. 2016 నవంబరులో మార్చారు. ఉద్యోగం మానేసినంత మాత్రాన ఖాతా మూతపడదు, పదవీ విరమణ వయసు దాకా వడ్డీ పడుతూనే ఉంటుంది.

సుధ గారూ, పోర్టల్‌కి 22 అక్షరాలు కావాలి. కంపెనీ కోడ్‌ ముందు సున్నాలు పెట్టి ఏడంకెలు చేయండి. తర్వాత ఎక్స్‌టెన్షన్, అది లేకపోతే మూడు సున్నాలు. చివర మీ నంబరు, అదీ ఏడంకెలే. అంటే:

```
APHYD00456780000000123
```

ఎక్కువమంది ఆ మూడు సున్నాలే మర్చిపోతారు.

రమణ77: మరి మా ఆఫీసులో ఆరేళ్లు ఆగిన ఖాతాకి వడ్డీ పడలేదే? నిబంధనలు చదివినంత తేలిక కాదండీ.

లావణ్య_హెచ్ఆర్: పడిందో లేదో పాస్‌బుక్‌లో సంవత్సరం వారీగా చూసుకోండి. ఇంకో మాట. మానేశాక పడిన వడ్డీకి ఆదాయపు పన్ను ఉంటుంది. అది ఎవరూ చెప్పరు.

రమణ77: 2011–16 మధ్యది మాట్లాడుతున్నా నేను! అది తిరిగి వేశారా, ఎవరైనా సూటిగా చెప్పండి.

కిరణ్_వైజాగ్: ఇల్లు కట్టడానికి నా పీఎఫ్‌లోంచి ఎంత తీసుకోవచ్చు?

పీఎఫ్_మూర్తి: కిరణ్, దానికి వేరే చర్చ పెట్టు బాబూ.

సుధ గారూ, ఆ నంబరు పెట్టినా దొరక్కపోతే ఈపీఎఫ్‌ఓ సైట్లో ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్‌లో కంపెనీ పేరు వెతకండి. పేరు మారినా, విలీనమైనా పాత పేరుతోనే చూడండి. అక్కడి కోడ్ మీ స్లిప్‌తో సరిపోలాలి.

లావణ్య_హెచ్ఆర్: ఒక్కోసారి పెద్ద కంపెనీలు సొంత ట్రస్టు నడుపుతాయి. అలాంటప్పుడు ఈపీఎఫ్‌ఓ పాస్‌బుక్‌లో ఆ డబ్బు కనిపించదు, పోయిందని కంగారు పడకండి. ట్రస్టుకే రాయండి. బదిలీ అయ్యేటప్పుడు అనెక్షర్ కె కాపీ అడిగి తీసుకోండి. దానిలో సర్వీసు తేదీలుంటాయి, పెన్షన్ లెక్కకి అవే ఆధారం.

సుధ_కె: నంబరు తీసుకుంది! కానీ బదిలీకి పెడితే మానేసిన తేదీ లేదంటోంది.

పీఎఫ్_మూర్తి: ఆ ఖాతా మీ యూఏఎన్ కింద కనిపిస్తే మేనేజ్‌లో మార్క్ ఎగ్జిట్ ఉంటుంది, చివరి జమ తర్వాత రెండు నెలలు గడిస్తే ఆధార్ ఓటీపీతో మీరే వేసుకోవచ్చు. చివరి జమ పడిన నెలలోని తేదీయే ఇవ్వాలి. కనిపించకపోతే పాత కంపెనీయే వేయాలి. అది మూతపడి ఉంటే స్లిప్, అపాయింట్‌మెంట్ లెటర్ జతచేసి ఈపీఎఫ్‌ఐజీఎంఎస్‌లో ఫిర్యాదు పెట్టండి. మీ రెండు ఉద్యోగాల తేదీలు ఒకదాని మీద ఒకటి పడ్డాయేమో ముందే చూసుకోండి, 2025 దాకా అలా ఉంటే బదిలీ తిప్పికొట్టేవారు, ఇప్పుడు అవసరమైతే వివరణ అడుగుతారు.

సుధ_కె: అయ్యో, పన్నెండు రోజులు పడ్డాయండీ. రిలీవింగ్ లెటర్‌లో ఒక తేదీ, పీఎఫ్‌లో ఇంకోటి.

రమణ77: నా ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబివ్వలేదు.